స్వెట్టర్ అల్లిక: గేజ్, మచ్చుముక్క గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కలన్నీ ఒకే రకం స్వెట్టర్‌వి. డీకే మందం ఊలు, 4 మి.మీ. సూదులు, మెడ నుంచి కిందికి చుట్టూ అల్లుకుంటూ వచ్చే రాగ్లాన్. ప్యాటర్న్ అడిగే గేజ్ 10 సెం.మీ.కి 22 కుట్లు, 30 వరుసలు. పూర్తయ్యాక ఛాతీ చుట్టుకొలత 100 సెం.మీ. రావాలి. మీ ప్యాటర్న్‌లో అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క చేసే తీరు మాత్రం ఇదే.

## మొదలుపెట్టే ముందు

గేజ్ అంటే ఏంటి? ఒక్క కుట్టు అటూ ఇటూ అయితే అంత తేడా వస్తుందా?

10 సెం.మీ. వెడల్పులో ఎన్ని కుట్లు, 10 సెం.మీ. పొడవులో ఎన్ని వరుసలు పడుతున్నాయో చెప్పేదే గేజ్. ప్యాటర్న్ రాసినవాళ్లు మీ ఒంటిని చూసి రాయరు, తమ గేజ్ చూసుకుని రాస్తారు. 100 సెం.మీ. ఛాతీ కావాలంటే, సెంటీమీటరుకు 2.2 కుట్ల చొప్పున 220 కుట్లు వేయమంటారు. మీ చేతికి 22 బదులు 21 కుట్లే పడ్డాయనుకోండి, అవే 220 కుట్లు దాదాపు 105 సెం.మీ. అవుతాయి. 20 పడితే 110. అదే బిగుతు చేతితో 24 పడితే 92 సెం.మీ. దగ్గర ఆగిపోతుంది. ఛాతీ 92 ఉన్న మనిషికి 8 సెం.మీ. వదులు ఉండాలని ఎంచుకున్న సైజు చివరికి ఒంటికి అతుక్కుపోతుంది. గేజ్ చూసుకోవడానికి ముందుగా అల్లే మచ్చుముక్క మీద కంటికి ఆనని ఒక కుట్టు తేడా ఛాతీ చుట్టూ తిరిగి వచ్చేసరికి పది రెట్లు పేరుకుంటుంది.

ఊలు ఉండ పట్టీ మీద గేజ్ రాసే ఉంటుందిగా, మళ్లీ మచ్చుముక్క ఎందుకు?

పట్టీ మీద ఉన్నది ఊలు తయారుచేసినవాళ్ల సలహా. ఈ మందానికి ఈ సూదితో మామూలుగా ఇన్ని కుట్లు పడతాయని వాళ్లు చెబుతున్నారు, అంతే. ఆ అల్లిక మీ చేతిది కాదు, మీ సూదులతో చేసింది కాదు. కొన్నిసార్లు ప్యాటర్న్ కావాలనే పట్టీకి దూరంగా వెళుతుంది. గాలి ఆడేలా పల్చగా రావాలంటే అదే డీకే ఊలును 20 కుట్ల గేజ్‌కు, చలిగాలి దూరకుండా దట్టంగా కావాలంటే 24కు అల్లమంటారు. పట్టీ ఊలు కొనేటప్పుడు పనికొస్తుంది. స్వెట్టర్ సైజును మాత్రం ప్యాటర్న్ గేజే తేలుస్తుంది.

ప్యాటర్న్‌లో 8 నంబరు సూది అని ఉంది, నా దగ్గర 8 నంబరు ఉంది. అయినా వదులుగా వస్తోంది లేదా బిగుస్తోంది, ఎందుకు?

ఇది చాలామందికి ఎదురయ్యే చిక్కు. మన దుకాణాల్లో సూదుల మీద పాత బ్రిటిష్ నంబర్లు కనిపిస్తుంటాయి. వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు. మన 8 నంబరు 4 మి.మీ., అమెరికా 8 నంబరు 5 మి.మీ. మన 10 నంబరు 3.25 మి.మీ. ఉంటే, అమెరికా 10 ఏకంగా 6 మి.మీ. అమెరికాలో ఉన్న అక్క పంపిన ప్యాటర్న్‌ను ఇక్కడ కొన్న సూదులతో అల్లినా, ఇక్కడి పాత పుస్తకంలోని నమూనాను అక్కడి సూదులతో అల్లినా తేడా కొట్టేది ఇక్కడే. నంబరును పక్కనపెట్టి మిల్లీమీటర్లే చూడండి. సూది మీద అంకె చెరిగిపోయి ఉంటే, కన్నాలున్న సూదుల కొలత పలకలో దూర్చి చూస్తే ఏ మందమో తెలిసిపోతుంది.

ఇంకో మాట. ప్యాటర్న్ చెప్పే సూది సైజు ప్రారంభానికే. గేజ్ కలిసిందంటే మీ సూది 3.5 ఉన్నా, 4.5 ఉన్నా తప్పేమీ లేదు.

## మచ్చుముక్క అల్లేటప్పుడు

మచ్చుముక్క ఎంత పెద్దది ఉండాలి? 20 కుట్లు వేసి నాలుగు వేళ్ల వెడల్పు అల్లితే చాలదా?

చాలదు. ముక్క అంచుల్లో కుట్లు మధ్యలోలా ఉండవు. పక్క అంచులు ముడుచుకుంటాయి, మొదటి వరుస, ముగింపు వరుస అల్లికను లాగి పట్టుకుంటాయి. 20 కుట్ల ముక్కలో ఆ ప్రభావం లేని చోటు చాలా తక్కువ మిగులుతుంది. కనీసం 15 సెం.మీ. చదరం కావాలి. 22 కుట్ల గేజ్‌కైతే 36 కుట్లు వేయండి. మొదట నాలుగు వరుసలు రెండువైపులా నిట్ అల్లండి. తర్వాత ప్రతి వరుసలో రెండు చివరలా మూడేసి కుట్లు ఇలాగే గార్టర్‌గా ఉంచి, మధ్యలో 30 కుట్లు స్టాకినెట్, అంటే ముందువైపు నిట్, వెనకవైపు పర్ల్ అల్లండి. ఈ గార్టర్ అంచు ముక్కను చుట్టుకుపోకుండా ఆపుతుంది. పొడవు 14 సెం.మీ. దాటాక మళ్లీ నాలుగు వరుసలు గార్టర్ వేసి, వదులుగా ముగించండి.

ఇంతటికీ డీకే ఊలు 10 నుంచి 12 గ్రాములు ఖర్చవుతుంది. ఊలు కొనేటప్పుడే దీన్ని లెక్కలో వేసుకోండి. చివర్లో ఊలు చాలకపోతే విప్పి వాడుకోవచ్చు, కానీ స్వెట్టర్ పూర్తయ్యేవరకూ ముక్కను విప్పకపోవడమే మంచిది.

స్వెట్టర్ చుట్టూ అల్లాలి, మచ్చుముక్క అటూ ఇటూ తిప్పి అల్లాను. పర్వాలేదా?

చాలామంది చేతికి నిట్ వరుస, పర్ల్ వరుస ఒకే బిగువులో రావు. పర్ల్ కాస్త వదులుగా వస్తుంది. ముక్కను వెనక్కి తిప్పి చూడండి. గట్లన్నీ ఒకే ఎడంలో కాకుండా రెండేసి గట్లు జంటలుగా, మధ్యలో కాలవలా కనిపిస్తే మీ చేతిదీ అదే తీరు. చుట్టూ అల్లే స్టాకినెట్‌లో పర్ల్ వరుసలే ఉండవు. అందుకని తిప్పి అల్లిన ముక్కలో 22 కుట్లు పడితే, స్వెట్టర్‌లో 23 పడవచ్చు. 220 కుట్ల మీద అది 4 సెం.మీ. పైగా తగ్గుదల.

దీనికి చిన్న ఉపాయం ఉంది. సర్క్యులర్ సూది మీద ఒక వరుస నిట్ అల్లండి. ముక్కను తిప్పకుండా, కుట్లను సూది రెండో చివరికి జరపండి. ఊలును ముక్క వెనకగా వదులుగా తెచ్చి, మళ్లీ కుడివైపు నుంచి నిట్ అల్లండి. ప్రతి వరుసా ఇలాగే. వెనక వేలాడే ఊలు ముక్క వెడల్పు కంటే పొడవుగా ఉండాలి. బిగుతుగా ఉంటే ముక్క పరుచుకోదు, కొలత తప్పు వస్తుంది. ఈ పద్ధతిలో పక్క అంచుల కుట్లు సాగి వికారంగా ఉంటాయి, వాటిని పట్టించుకోకండి.

ఏ సూదితో మచ్చుముక్క అల్లినా మిల్లీమీటర్లు ఒకటే అయితే సరిపోతుందా?

సరిపోదు. లోహపు సూది మీద ఊలు జారుతుంది, వెదురు సూది మీద పట్టుకుంటుంది. ఒకే 4 మి.మీ. అయినా లోహంతో ఒకలా, వెదురుతో ఇంకోలా గేజ్ రావచ్చు. స్వెట్టర్‌కు వాడబోయే సూదితోనే ముక్క అల్లండి. చేతులు అల్లేటప్పుడు నాలుగు సూదుల సెట్‌కో, పొట్టి సర్క్యులర్‌కో మారుతుంటే అక్కడా ఒకసారి కొలవండి. ఒళ్లు ఒక గేజ్, చేతులు ఒక గేజ్ అయితే అల్లిక తీరు కూడా పక్కపక్కన వేరుగా కనిపిస్తుంది.

జడ అల్లికలు ఉన్న ప్యాటర్న్‌కు కూడా స్టాకినెట్ ముక్క చాలా?

గేజ్ ఏ అల్లికలో చెప్పారో ప్యాటర్న్‌లో చూసి ఆ అల్లికలోనే ముక్క చేయాలి. జడలు అల్లికను వెడల్పులో లోపలికి లాగుతాయి, రెండు రంగుల అల్లిక బిగుసుకుంటుంది, జాలీ అల్లిక ఉతికి పరిచాక బాగా విచ్చుకుంటుంది. స్టాకినెట్ ముక్క వీటి గురించి ఏమీ చెప్పదు.

## ఉతకడం, కొలవడం

ముక్కను ఉతకాలా? సూది మీద ఉండగానే కొలిస్తే పోలేదా?

సూది మీద ఉన్న అల్లిక సూది మందానికి సాగి ఉంటుంది, కాబట్టి ఆ కొలత నమ్మదగింది కాదు. ఉతకని ముక్క కొలతా అర్ధసత్యమే, ఎందుకంటే స్వెట్టర్‌ను ఎప్పటికైనా ఉతుకుతారు. అల్లేటప్పుడు ఊలు చేతిలో లాగబడి బిగిసి ఉంటుంది. నీళ్లలో నానితే ఆ బిగువు వదిలి కుట్లు తమ చోట్లలో సర్దుకుంటాయి, పోగులు విచ్చుకుంటాయి. ప్యాటర్న్‌లో చెప్పే గేజ్ సాధారణంగా ఉతికి ఆరబెట్టాక వచ్చే గేజే.

రేపు స్వెట్టర్‌ను ఎలా ఉతుకుతారో ముక్కనూ అలాగే ఉతకండి. చేత్తో ఉతికేదైతే గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నాననిచ్చి, మెలిపెట్టకుండా నీళ్లు నొక్కి తీసేసి, పొడి తువ్వాలులో చుట్టి అదమండి. తర్వాత నీడలో చదునుగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి. గుండుసూదులు గుచ్చి 15 సెం.మీ.కి లాగి పెట్టొద్దు. అలా లాగితే మీకు కావలసిన గేజ్ తప్పకుండా వస్తుంది, స్వెట్టర్‌కు మాత్రం రాదు.

ఉతకకముందు గేజ్ సరిగ్గా ఉంది, ఉతికాక సాగిపోయింది. ఊలు మంచిది కాదా?

చాలావరకు అది సూపర్‌వాష్ ఊలు అయి ఉంటుంది. గొర్రె ఉన్ని పోగు మీద పొలుసులు ఉంటాయి. పోగులు ఒకదాన్నొకటి పట్టుకునేది వాటితోనే. మెషీన్లో ఉతికినా ముద్దకట్టకుండా ఉండాలని ఆ పొలుసులను తీసేస్తారు, లేదా వాటి మీద పూత పూస్తారు. దానితో పోగుకు పట్టు తగ్గి, తడిసినప్పుడు అల్లిక జారి సాగుతుంది. ఉతకకముందు 22 కుట్లు ఉన్నది ఉతికాక 20.5కి వస్తే, 220 కుట్ల ఛాతీ 107 సెం.మీ. అవుతుంది. ఇది ఊలు లోపం కాదు, దాని స్వభావం. ఉతికిన గేజ్ 22 వచ్చేదాకా సూది తగ్గిస్తే చాలు. అప్పుడు ఉతకకముందు అల్లిక కాస్త బిగుతుగా కనిపిస్తుంది, కంగారుపడొద్దు.

యాక్రిలిక్ మామూలు ఉతుకులో పెద్దగా మారదు. కానీ దాని మీద వేడి ఇస్త్రీ పెట్టారో, ఆవిరి పట్టారో, అల్లిక బిగువు పోయి వేలాడిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. నూలుకు ఉన్నిలా సాగి తిరిగి వచ్చే గుణం తక్కువ.

కుట్లు ఎలా లెక్కపెట్టాలి? ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది.

స్టాకినెట్ ముందువైపు ఒక్కో వి ఆకారం ఒక్కో కుట్టు. ముక్కను బల్ల మీద పరిచి, చేత్తో లాగకుండా, వాడివాడి సాగిన టేపు కాకుండా గట్టి స్కేలు పెట్టండి. చాలామంది స్కేలు కింద 10 సెం.మీ.లో కుట్లు లెక్కపెట్టి, చివర్లో మిగిలిన సగం కుట్టును వదిలేస్తారు. ఆ సగం కుట్టు ఛాతీ మీద 2 సెం.మీ.

దానికంటే నమ్మకమైనది తిరగేసిన పద్ధతి. కుట్లు ముందే లెక్కపెట్టుకుని, వాటి వెడల్పు కొలవాలి. గార్టర్ అంచుల మధ్య 30 కుట్లు ఉన్నాయి కదా. అంచుల పక్క రెండేసి కుట్లు వదిలి, 26 కుట్లకు అటొకటి ఇటొకటి గుండుసూది గుచ్చండి. మధ్య దూరం 12.3 సెం.మీ. ఉందనుకుందాం. 26ను 12.3తో భాగిస్తే 2.11, అంటే 10 సెం.మీ.కి 21.1 కుట్లు. ఇలా మూడు వేర్వేరు ఎత్తుల్లో కొలిచి సగటు తీసుకోండి. మూడు కొలతలూ బాగా వేరుగా ఉంటే అల్లిక బిగువు మధ్యలో మారిందన్నమాట. అప్పుడు ఇంకో ముక్క అల్లడమే దారి.

మచ్చుముక్కను వేలాడదీయమంటారు, ఎందుకు?

అరచేతి పాటి ముక్కకు బరువు లేదు, స్వెట్టర్‌కు అర కిలో దాకా ఉంటుంది. వేసుకున్నాక ఆ బరువంతా భుజాల నుంచి వేలాడి అల్లికను కిందికి లాగుతుంది. నూలు, వెదురు నారతో చేసిన దారం, ఆల్పాకా, సూపర్‌వాష్ ఉన్నిలో ఇది బాగా కనిపిస్తుంది. ఆరిన ముక్కను పైఅంచు పట్టి తీగకు కట్టి, కింది అంచుకు మూడు నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి ఒక రోజు వదిలేయండి. వేలాడుతుండగానే వరుసలు కొలవండి. 30 ఉన్నది 28.5 అయితే, చంక కింద 40 సెం.మీ. అనుకున్న 120 వరుసలు 42 సెం.మీ. అవుతాయి. అలాంటప్పుడు ఆరు వరుసలు ముందే ఆపేయవచ్చు.

## లెక్క కలవనప్పుడు

కుట్లు ఎక్కువ పడితే సూది పెంచాలా, తగ్గించాలా? ప్రతిసారీ తికమక.

10 సెం.మీ.లో కుట్లు ఎక్కువ పట్టాయంటే ఒక్కో కుట్టు చిన్నగా ఉందని అర్థం. దాన్ని పెద్దది చేయాలి కాబట్టి లావు సూది తీసుకోవాలి. తక్కువ పడితే కుట్టు పెద్దగా ఉంది, సన్న సూది కావాలి. అర మిల్లీమీటరు మార్పుకు డీకే ఊలులో దాదాపు ఒక కుట్టు తేడా వస్తుంది. కానీ అది అందరి చేతికీ ఒకేలా ఉండదు గనుక సూది మార్చాక కొత్త ముక్క అల్లాల్సిందే.

బిగించి పట్టుకుని అల్లితే సరిపోతుందిలే అనుకోవడం మాత్రం వద్దు. పది వరుసలు గుర్తుంటుంది, టీవీ చూస్తూ అల్లే నూటపదో వరుసలో చేయి తన పాత బిగువుకే పోతుంది.

రెండు సూదుల మధ్య ఇరుక్కున్నాను. ఒకదానితో 20, సన్నదానితో అల్లిక అట్టలా గట్టిపడుతోంది. 20 కుట్ల అల్లికే నచ్చింది, ఏం చేయాలి?

నచ్చిన అల్లికనే ఉంచుకుని, ప్యాటర్న్‌లో వేరే సైజు పట్టుకోండి. 100 సెం.మీ. ఛాతీకి మీ గేజ్‌లో 200 కుట్లు చాలు. ప్యాటర్న్‌లో ఛాతీ కుట్లు చూడండి. 91 సెం.మీ. సైజుకు 200, 100 సెం.మీ. సైజుకు 220, 109 సెం.మీ. సైజుకు 240 ఉన్నాయనుకుంటే, మీరు 91 సెం.మీ. సైజు కుట్లతో అల్లుకుపోవచ్చు. మీ చేతిలో అది 100 అవుతుంది. పొడవులు మాత్రం చిన్న సైజువి తీసుకోకండి. చంక కింద పొడవు, చేతి పొడవు మీకు కావలసిన 100 సెం.మీ. సైజువే ఉండాలి. మెడకు, చేతి పైభాగానికి ఇచ్చిన కుట్లను కూడా 2తో భాగించి, ఎన్ని సెంటీమీటర్లు వస్తాయో ఒకసారి చూసుకోండి. అల్లిక పల్చబడుతుంది కాబట్టి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఆ పల్చదనం మీకు సమ్మతమేనా అన్నదీ తేల్చుకోండి.

కుట్లు కలిశాయి, వరుసలు కలవలేదు. మళ్లీ సూది మార్చాలా?

వద్దు. సూది మారిస్తే కలిసిన కుట్లూ పోతాయి. వెడల్పును కుట్లు నిర్ణయిస్తాయి, అల్లిన తర్వాత దాన్ని సర్దలేం. పొడవును సర్దుకోవచ్చు. ‘40 సెం.మీ. వచ్చేదాకా అల్లండి’ అన్న చోట వరుసల గేజ్ తేడా పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ఇబ్బంది రాగ్లాన్ యోక్‌లో, అంటే మెడ నుంచి చంక దాకా ఉండే భాగంలో వస్తుంది, ఎందుకంటే అక్కడ పొడవు వరుసల లెక్కలోనే దాగి ఉంటుంది. రెండు చుట్లకోసారి చొప్పున 30 సార్లు కుట్లు పెంచమన్నారంటే 60 చుట్లు. 30 వరుసల గేజ్‌లో అది 20 సెం.మీ. లోతు. మీకు 27 వరుసలే పడితే అదే యోక్ 22.2 సెం.మీ. అయి, చంక కిందికి జారుతుంది, చేయి ఎత్తితే స్వెట్టర్ మొత్తం పైకి లేస్తుంది. 33 పడితే 18.2 సెం.మీ. దగ్గరే ఆగి చంకలో పట్టేస్తుంది.

27 వరుసల చేతికి 20 సెం.మీ. అంటే 54 చుట్లు. కుట్ల పెంపులు 30 తగ్గకూడదు, ఎందుకంటే చివరి కుట్ల సంఖ్య వాటి మీదే ఆధారపడింది. అందుకని 24 పెంపులు రెండు చుట్లకోసారి చేయండి, అది 48 చుట్లు. మిగతా 6 పెంపులు వరుసగా ఆరు చుట్లలో చేసేయండి. మొత్తం 54. 33 వరుసల చేతికి 66 చుట్లు కావాలి. 24 పెంపులు రెండు చుట్లకోసారి, 6 పెంపులు మూడు చుట్లకోసారి చేస్తే సరిగ్గా 66 అవుతాయి. ఈ మార్పుల్ని చంకకు దగ్గరగా, చివరి భాగంలో పెట్టుకుంటే మెడ దగ్గర రాగ్లాన్ గీత వంపు చెడదు.

## స్వెట్టర్ మొదలయ్యాక

మచ్చుముక్కలో గేజ్ కరెక్టుగా వచ్చింది. స్వెట్టర్‌లో తేడా వచ్చింది. ముక్క అబద్ధం చెప్పిందా?

ముక్క అల్లేటప్పుడు మనం కొంచెం జాగ్రత్తగా, బిగువుగా అల్లుతాం. వందల కుట్లున్న స్వెట్టర్‌లో చేయి తన లయలో పడి వదులవుతుంది. కొందరికి దీనికి తిరగబడి, బిగుస్తుంది. చంక దాటి పది సెంటీమీటర్లు అల్లాక మళ్లీ కొలవండి. అప్పుడు మీ ముందున్నది ఉతకని అల్లిక కాబట్టి, పోల్చాల్సింది మచ్చుముక్క ఉతకకముందు గేజ్‌తో. అందుకే ముక్క ముగించగానే ఉతకకముందు కొలత కూడా కాగితం మీద రాసిపెట్టుకోవాలి. అనుమానం తీరకపోతే కుట్లన్నీ పాత దారం మీదికి ఎక్కించి, అల్లినంత మేరా తడిపి ఆరబెట్టి కొలవండి. రెండు రోజులు ఆగాలి, కానీ చేతులు కూడా అల్లేశాక విప్పడం కంటే ఇది చవక.

‘40 సెం.మీ. వచ్చేదాకా’ అన్నారు. ఉతికాక సాగితే పొడవు ఎలా కొలవాలి?

టేపును పక్కనపెట్టి వరుసలు లెక్కపెట్టండి. ఉతికాక 10 సెం.మీ.కి 30 వరుసలు ఉంటే 40 సెం.మీ.కి 120 వరుసలు. ఉతకకముందు మీ అల్లికలో 10 సెం.మీ.కి 32 వరుసలు ఉంటే, ఆ 120 వరుసలు ఇప్పుడు 37.5 సెం.మీ.లే కనిపిస్తాయి. అక్కడే ఆపాలి. టేపు చూసి 40 దాకా అల్లితే, ఉతికాక 42.7 సెం.మీ. అవుతుంది. ప్రతి 20 వరుసలకూ ఒక రంగు దారం కట్టుకుంటూ పోతే లెక్క తప్పదు.

ఊలు ఉండ మారింది, లాటు నంబరు వేరు. మళ్లీ మచ్చుముక్క కావాలా?

లాటు నంబరు ముందుగా చెప్పేది రంగు గురించి. అదే కంపెనీ, అదే రకం ఊలైతే గేజ్ సాధారణంగా అలాగే ఉంటుంది. అయితే చేతితో వడికిన ఊలులో, ముదురు రంగు నుంచి తెలుపుకు మారేటప్పుడు మందం తేడా వేలికి తెలుస్తుంది. అలా తెలిస్తే కొత్త ఉండతో నాలుగు సెంటీమీటర్లు స్వెట్టర్ మీదే అల్లి, పాత భాగం పక్కన పెట్టి 26 కుట్ల వెడల్పు కొలిచి చూడండి. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఆ నాలుగు సెంటీమీటర్లు విప్పి, సూదిని పావు మిల్లీమీటరు మార్చి మళ్లీ అల్లండి.